మన బత్తాయి కంపెనీ వాటాదారులకు: ఆ వెనక 11 పేజీలు కూడా అడగండి

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను మీలో ఒకణ్ని. తిప్పర్తి దగ్గర మాకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. బాపు పేరు మీద ఉన్న వాటాలు ఆయన పోయాక నా పేరుకు మారాయి. బతుకుదెరువుకు మాత్రం నల్లగొండలో ఒక ఆడిటర్ గారి దగ్గర 22 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మన కంపెనీ ఆడిట్ మా ఆఫీసు చేసేది కాదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

వార్షిక సభకు నోటీసు మీ అందరికీ వచ్చే ఉంటుంది. దానితో పాటు రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి ఆస్తి అప్పుల పట్టీ, రెండోది లాభనష్టాల ఖాతా. వాట్సాప్ గ్రూపులోనూ ఆ రెండిటి ఫోటోలే పెట్టారు. పోయిన ఏడు 1 లక్షా 90 వేల నష్టం ఉండగా, 2025 మార్చి 31తో ముగిసిన ఏడాదికి 8 లక్షల 60 వేల లాభం వచ్చిందని అందులో ఉంది. ఆ లాభంలోంచి 5 లక్షలు, కంపెనీతో ఎవరు ఎంత వ్యాపారం చేశారో ఆ లెక్కన సభ్యులకు బోనస్‌గా పంచాలని బోర్డు సిఫారసు చేసింది. మొన్న హోటల్ దగ్గర కలిసిన ఒక పెద్దాయన, "లాభం వచ్చిందంటున్రు గదా బిడ్డా, ఇగ చెయ్యెత్తుడే గదా" అన్నాడు. ఆ మాట విన్న రాత్రే ఈ లేఖ మొదలుపెట్టాను.

ఆ రెండు కాగితాల మీద ప్రతి అంకె పక్కన 'నోట్' అని ఒక చిన్న గడి ఉంది చూశారా? స్టాకు పక్కన 9, రావాల్సిన బాకీల పక్కన 10, ఇతర ఆదాయం పక్కన 16. ఆ నంబర్ల వెనక 11 పేజీలు ఉన్నాయి. అవి మనకు పంపలేదు. నేను ఆఫీసుకు పోయి అడిగితే మేనేజర్ ఏమీ అనకుండానే జిరాక్సు తీసి ఇచ్చాడు. దాచాలన్న ఉద్దేశం ఆయనకు ఉందని నేను అనుకోను. "అవి ఎవరూ చదవరు సార్, కాగితం దండగ" అన్నాడంతే. కానీ 2013 కంపెనీల చట్టం ఆర్థిక పత్రాలంటే ఏమిటో చెప్పేటప్పుడు, వాటికి జతచేసిన వివరణ నోట్స్ కూడా వాటిలో భాగమేనని సెక్షన్ 2(40)లో రాసింది. నోట్స్ లేకుండా పంపిన లెక్క సగం లెక్క.

ముందుగా ఒక మాట. లాభం అనేది గల్లాపెట్టెలో లెక్కపెట్టిన డబ్బు కాదు. అందులో కొంత మాత్రమే లెక్కపెట్టింది, మిగతాది నిర్ణయించింది. గోదాంలో ఉన్న సరుకు ఎంత విలువ చేస్తుంది, ఆ వ్యాపారి మన బాకీ కడతాడా, సబ్సిడీ ఏ ఏడాది ఆదాయం అవుతుంది అనేవి ఎవరో ఒకరు కూర్చొని నిర్ణయించాలి. ఆ నిర్ణయాలకు పెట్టుకున్న పద్ధతులనే అకౌంటింగ్ విధానాలు అంటారు. నోట్స్‌లో మొట్టమొదటిది అదే. ఏ పద్ధతి పట్టుకున్నారో తెలియకుండా 8 లక్షల 60 వేలు అనే అంకెను నమ్మడమంటే, తూకం ఏ కాంటా మీద వేశారో, తరుగు ఎంత తీశారో చూడకుండా చిట్టీ మీద సంతకం పెట్టడమే. మార్కెట్లో మనం ఆ పని చెయ్యం.

నేను పోయిన ఏటి నోట్స్, ఈ ఏటి నోట్స్ పక్కపక్కన పెట్టుకొని పెన్సిల్ పట్టుకొని చదివాను. నేను ఎప్పుడూ చేసే పని అదే. నోట్స్‌లో నూటికి తొంభై మాటలు ఏటేటా అవే ఉంటాయి, నిద్ర వస్తుంది. అందుకే మారిన మాట కోసం మాత్రమే వెతకాలి. రెండేళ్ల పేజీలు ఎదురెదురుగా పెడితే మారిన వాక్యం రాయిలా కాలికి తగులుతుంది. మన నోట్స్‌లో అలాంటివి మూడు తగిలాయి.

మొదటిది నోట్ 16, ఇతర ఆదాయం. పోయిన ఏడు 6 లక్షల 10 వేలు. ఈ ఏడు 12 లక్షల 15 వేలు. అమ్మకాలు కోటీ 95 లక్షల నుంచి 2 కోట్ల 10 లక్షలకు మాత్రమే పెరిగాయి. మరి ఇతర ఆదాయం రెట్టింపు ఎట్లయింది? నోట్‌లో మూడు వరుసలు ఉన్నాయి. బ్యాంకు వడ్డీ 15 వేలు. నిర్వహణ ఖర్చుల గ్రాంటు 6 లక్షలు. బత్తాయి గ్రేడింగ్ యంత్రానికి వచ్చిన సబ్సిడీ 6 లక్షలు.

నిర్వహణ గ్రాంటు సంగతి తర్వాత చెబుతాను, యంత్రం చూద్దాం. పోయిన అక్టోబరులో మనం బిగించిన గ్రేడింగ్ యంత్రం ఖరీదు 15 లక్షలు, దాని మీద సబ్సిడీ 6 లక్షలు వచ్చింది. యంత్రం 15 ఏళ్లు పనిచేస్తుందని లెక్క. అందుకే దాని ఖరీదు మొత్తాన్ని ఈ ఏడాది ఖర్చుగా రాయలేదు, ఏటా కొంత కొంత తరుగుదలగా రాస్తారు. అది సరే. కానీ ఆ యంత్రం కోసం వచ్చిన సబ్సిడీని మాత్రం ఒక్క ఏడాదిలోనే మొత్తం ఆదాయంగా రాశారు. ఖర్చును 15 ఏళ్లకు పరిచి, ఆదాయాన్ని ఒక్క ఏడాదిలో కుప్ప పోశారన్నమాట.

ప్రభుత్వ గ్రాంటుల గురించి చెప్పే అకౌంటింగ్ ప్రమాణం నంబరు 12. తరుగుదల ఉండే ఆస్తి కోసం వచ్చిన సబ్సిడీకి అది రెండు దారులు ఇచ్చింది. సబ్సిడీని యంత్రం ఖరీదులోంచి తీసేసి 9 లక్షలకే తరుగుదల వేసుకోవచ్చు. లేదా 6 లక్షలను వాయిదా వేసిన ఆదాయంగా పక్కన పెట్టి, తరుగుదల ఏ వంతున పడుతుందో ఆ వంతున ఏటా కొంత ఆదాయంలోకి తెచ్చుకోవచ్చు. ఏ దారిన పోయినా లాభం మీద పడే ఫలితం చివరికి ఒకటే. 6 లక్షలను 15 ఏళ్లకు పంచితే ఏడాదికి 40 వేలు. యంత్రం అక్టోబరు నుంచే నడిచింది కాబట్టి ఈ ఏటికి సగం, అంటే 20 వేలు. ఆదాయంలోకి రావాల్సింది 20 వేలు, వచ్చింది 6 లక్షలు. తేడా 5 లక్షల 80 వేలు. ఈ ఒక్క దానితోనే 8 లక్షల 60 వేల లాభం 2 లక్షల 80 వేలకు దిగుతుంది.

విధానాల పేజీలో దీని గురించి ఒక వాక్యం ఉంది: "గ్రాంటులను అందిన సంవత్సరంలో ఆదాయంగా గుర్తిస్తాము." ఈ వాక్యం పోయిన ఏడు లేదు. అప్పుడు యంత్రం లేదు కాబట్టి అవసరం రాలేదు. "మేము దాచలేదు, నోట్స్‌లో రాశాం కదా" అని బోర్డు అనొచ్చు. దానికి మొదటి నంబరు ప్రమాణమే జవాబు చెప్పింది. తప్పుగా రాసిన లెక్కను, ఇలా రాశామని నోట్స్‌లో చెప్పినంత మాత్రాన అది ఒప్పు అయిపోదు. చదివేవాడికి అది దారి చూపిస్తుంది, అంతే.

రెండోది స్టాకు. ఇక్కడ మారింది నాలుగైదు మాటలే. పోయిన ఏటి నోట్‌లో "నిల్వ సరుకును కొన్న ధర, అమ్మితే చేతికొచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికి లెక్కగట్టాము" అని ఉంది. ఈ ఏడు "కొన్న ధరకు లెక్కగట్టాము, యాజమాన్యం ధ్రువీకరించిన ప్రకారం" అని ఉంది. ఏది తక్కువైతే అది అన్న మాట ఎగిరిపోయింది.

దీని అర్థం మన కల్లం దగ్గరే తెలుస్తుంది. 2024-25లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. నీ కల్లంలో 50 క్వింటాళ్ల కుప్ప ఉంది, కానీ వాన పడి తేమ 17 శాతం దాటింది. కొనుగోలు కేంద్రంలో ఆ వడ్లు తీసుకోరు. ఆ కుప్పను నువ్వు 2,320 లెక్కన గుణించి, నా దగ్గర లక్షా 16 వేల వడ్లు ఉన్నాయని ఎవరికైనా చెబుతావా? ఆరబెట్టే కూలి తీస్తావు, తగ్గే తూకం తీస్తావు, హమాలీ తీస్తావు, మిగిలేది ఎంతో చూస్తావు. అమ్మితే చేతికొచ్చే ధర అంటే అదే. సరుకు విలువ ఖర్చు పెట్టినదానికంటే పడిపోయినప్పుడు, పడిపోయిన విలువే రాయాలని రెండో నంబరు ప్రమాణం చెబుతుంది.

మన ఎరువుల దుకాణంలో మార్చి 31న 31 లక్షల స్టాకు చూపించారు, పోయిన ఏడు 24 లక్షలు. నేను స్టాకు రిజిస్టరు చూపించమని అడిగితే చూపించారు. అందులో పత్తికి వాడే పురుగుమందుల డబ్బాలు 4 లక్షల 20 వేల విలువవి ఉన్నాయి. వాటి గడువు ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో ముగుస్తుంది. మార్చి 31 నాటికి చేలో పత్తి లేదు, మళ్లీ విత్తేది జూన్‌లో. అంటే ఆ మందులు అమ్ముడుపోవని ఆ రోజే తెలుసు. గడువు దాటిన మందు అమ్మకూడదు కూడా. డిస్ట్రిబ్యూటరు వాటిని వెనక్కి తీసుకొని లక్షా 20 వేలకు క్రెడిట్ నోట్ ఇస్తానన్నాడట. కొన్న ధర 4 లక్షల 20 వేలు, చేతికొచ్చేది లక్షా 20 వేలు. మధ్యలో ఉన్న 3 లక్షలు నష్టం.

ఆ నష్టం లాభంలో ఎట్లా దాక్కుందని అడుగుతారు. మొదట్లో ఉన్న స్టాకుకు ఏడాదిలో కొన్నది కలిపి, చివర మిగిలిన స్టాకు తీసేస్తే వచ్చేదే అమ్మిన సరుకు ఖర్చు. చివరి స్టాకు విలువ ఎక్కువ రాస్తే ఖర్చు అంత తగ్గుతుంది, లాభం అంత పెరుగుతుంది. ఒక్క బస్తా అమ్మకుండా, ఒక్క రూపాయి చేతికి రాకుండా, స్టాకు పేజీలో ఒక వాక్యం మార్చి లాభం 3 లక్షలు పెంచుకోవచ్చు. ఇందాకటి 2 లక్షల 80 వేలు ఇప్పుడు 20 వేల నష్టం అయింది.

విధానం మార్చుకునే హక్కు కంపెనీకి అసలే లేదని కాదు. చట్టం కోసమో, ప్రమాణం కోసమో, లెక్కలు ఇంకా సరిగ్గా కనపడతాయనో మార్చవచ్చు. అలా మార్చితే ఏమి మార్చామో, దానివల్ల లాభం ఎంత మారిందో రూపాయల్లో చెప్పాలని ఐదో నంబరు ప్రమాణం అంటుంది. మన నోట్స్‌లో ఆ అంకె లేదు. విధానం మారిందన్న మాటే లేదు. ఏమీ చెప్పకపోతే పోయిన ఏటి పద్ధతినే కొనసాగించారని చదివేవాడు అనుకోవాలి, ఎందుకంటే ఆ నిలకడను పాటించనప్పుడే చెప్పాలన్నది నియమం. అందుకే రెండేళ్లవి పక్కపక్కన పెట్టుకోకపోతే ఇది దొరికేది కాదు.

'యాజమాన్యం ధ్రువీకరించిన ప్రకారం' అన్న ముక్క మీద కూడా పెన్సిల్ గీత పెట్టుకోండి. అది నేరం కాదు, చాలా చోట్ల ఉంటుంది. కానీ సరుకు విలువ చెప్పింది యాజమాన్యమేనని దాని అర్థం. ఇలాంటి మాటలే ఇంకా రెండు ఉన్నాయి. 'మంచివిగా పరిగణించినవి', 'ధ్రువీకరణకు లోబడి'. ఈ రెండూ మూడో చోట ఉన్నాయి.

అదే నోట్ 10, రావాల్సిన బాకీలు, మొత్తం 19 లక్షలు. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు ఈ బాకీలను వయసు ప్రకారం పట్టికగా చూపించాలన్న నియమం వచ్చింది. ఆరు నెలల లోపువి, ఆరు నెలల నుంచి ఏడాది, ఒకటి నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడేళ్లు, మూడేళ్లు దాటినవి. నా దృష్టిలో ఆ 11 పేజీల్లో రైతుకు అన్నిటికంటే పనికొచ్చే పట్టిక ఇదే. దీనికి లెక్కల చదువు అక్కర్లేదు.

పోయిన ఏటి పట్టికలో 'ఆరు నెలల నుంచి ఏడాది' గడిలో 4 లక్షల 50 వేలు ఉంది. ఈ ఏడు ఆ గడి ఖాళీ. 'ఒకటి నుంచి రెండేళ్లు' గడిలో సరిగ్గా 4 లక్షల 50 వేలు. అదే డబ్బు ఒక గడి పక్కకు జరిగిందంతే. ఏడాది మొత్తంలో ఒక్క రూపాయి వసూలు కాలేదన్న సంగతి ఆ పట్టికే చెబుతోంది. 2023 ఆగస్టులో మన కాయ ఎత్తిన ఢిల్లీ వ్యాపారి బాకీ అది. అప్పట్లో పంపిన లారీలు మీకు గుర్తుండే ఉంటాయి. అయినా ఆ బాకీ పక్కన 'హామీ లేనివి, మంచివిగా పరిగణించినవి' అని ఉంది. వసూలవుతుందని కంపెనీ నమ్ముతోందన్నమాట. మొండి బాకీ కింద ఒక్క పైసా పక్కన పెట్టలేదు. విధానాల పేజీలో ఎన్ని నెలలు దాటితే ఎంత పక్కన పెడతామన్న వాక్యమూ లేదు. నోట్స్ చివర మాత్రం, "బాకీదారుల నిల్వలు వారి ధ్రువీకరణకు లోబడి ఉన్నాయి" అని రాశారు. ఆ వ్యాపారి తాను అంత బాకీ ఉన్నానని కాగితం మీద ఇంకా ఒప్పుకోలేదని నేను దాన్ని చదువుకున్నాను.

ఎంత పక్కన పెట్టాలి అన్నది అంచనా. సబ్సిడీకి, స్టాకుకు ఉన్నట్టు ఇక్కడ ఒకే జవాబు లేదు. ఆయన ఎప్పటికైనా కడతాడని నమ్మే డైరెక్టరు మనలో ఉన్నారు, నేను కాదనను. నా లెక్కలో సగం, అంటే 2 లక్షల 25 వేలు పక్కన పెట్టాను. మీరు పావు వంతు అంటే అదీ ఒక లెక్కే. కానీ సున్నా అనడానికి కారణం చెప్పాలి. మన బ్యాంకు ఇలాంటి బాకీని లెక్కలోకే తీసుకోదు. స్టాకు, బాకీలు చూసి ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పుకు లిమిట్ కట్టేటప్పుడు పాత బాకీలు తీసేసి కొత్త వాటి మీదే అప్పు ఇస్తారు, మామూలుగా 90 రోజులు దాటినవి లెక్కించరు. బ్యాంకు మేనేజర్‌ను అడిగి చూడండి.

నా సగం లెక్క పట్టుకుంటే 20 వేల నష్టం 2 లక్షల 45 వేల నష్టం అవుతుంది. పోయిన ఏడు నష్టం 1 లక్షా 90 వేలు. 8 లక్షల 60 వేల లాభం అని చదివిన ఏడాదిలో మనం పోయిన ఏటి కంటే 55 వేలు వెనక్కి పోయాం.

ఇప్పుడు ఆ నిర్వహణ గ్రాంటు. దాన్ని ఆదాయంగా రాయడంలో తప్పేమీ లేదు. జీతాలు, అద్దె, తిరుగుళ్ల ఖర్చు కోసం ఇచ్చిన డబ్బు అది. ఆ ఖర్చులు ఈ ఏడాదివే కాబట్టి గ్రాంటూ ఈ ఏడాది ఆదాయమే. కానీ 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం కింద మన కంపెనీ లాంటి ఒక్కో సంఘానికి మూడేళ్లలో మొత్తం 18 లక్షలే గరిష్టం. మనకు ఈ మార్చితో మూడేళ్లు నిండాయి. నోట్స్‌లోనే మూడో, చివరి విడత అని ఉంది. వచ్చే ఏడు మన మేనేజర్ జీతం మన కాయ మీద, మన ఎరువుల మీద రావాలి. ఈ ఏటి ఆదాయంలోంచి ఆ 6 లక్షలు కూడా తీసి చూస్తే నష్టం 8 లక్షల 45 వేలు. పద్ధతి ప్రకారం ఒప్పుగా రాసిన అంకె కూడా మనల్ని పక్కదారి పట్టించగలదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, మళ్లీ వస్తుందో రాదో నోట్ చదివితేనే తెలుస్తుంది.

గోదాం అద్దె లక్షా 44 వేలు ఒక డైరెక్టరు బంధువుకు ఇస్తున్నట్టు సంబంధీకుల నోట్‌లో ఉంది. దాని మీద ఊళ్లో గుసగుసలు విన్నాను. నాకైతే అందులో తప్పు కనపడలేదు. లారీ తిరిగే గోదాం ఆ దారిలో అదొక్కటే, అద్దె కూడా చుట్టుపక్కల రేటే. చెప్పాల్సిన చోట చెప్పారు, అంతటితో వదిలేద్దాం.

ఆడిటర్ ఏం చేస్తున్నట్టు అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. ఆయన నివేదికలో 'నోట్ 16, నోట్ 9 వైపు దృష్టి మళ్లిస్తున్నాము' అని ఒక పేరా ఉంది. చూడండి అని వేలు చూపించడం అది. దానివల్ల ఆయన అభిప్రాయం మారలేదు. నా అభిప్రాయంలో ఇది వేలు చూపించే సంగతి కాదు, ఈ రెండు విషయాల్లో లెక్కలు సరిగా లేవని, ఎంత మేరకు లేవో చెప్పి అభిప్రాయాన్ని పరిమితం చేయాల్సిన సంగతి. ఆ మాట నేను అంటున్నాను, తోటి వృత్తివాళ్లతో మాట పడాల్సి వస్తుందని తెలిసే అంటున్నాను. ఆయన సభకు వస్తే ఆయన్నే అడుగుదాం.

నోట్స్ చదివితే అన్నీ బయటపడతాయని కూడా నేను చెప్పను. 2009 జనవరి 7న హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అధినేత తన లేఖలో తానే రాసుకున్నాడు, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని. అక్కడ విధానం చదివితే తెలిసేది కాదు, అంకే అబద్ధం. బ్యాంకు నుంచి నేరుగా తెచ్చుకున్న కాగితంతో పోల్చితేనే అలాంటిది దొరుకుతుంది. మన కంపెనీలో అబద్ధం ఉందని నేను అనడం లేదు. ప్రతి అంకె వెనక కాగితం ఉంది, నేను చూశాను. ఆ కాగితాల మీద తీసుకున్న నిర్ణయాలతోనే నాకు పేచీ.

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో కూడా చెబుతాను. పన్నెండేళ్ల కింద మా బావమరిది ఒక చిన్న విత్తనాల కంపెనీలో 2 లక్షలు పెడతానంటే లెక్కలు చూసింది నేనే. లాభం బాగుంది, అప్పు తక్కువ, పెట్టు అన్నాను. ఆఖరి పేజీలో, రావచ్చు రాకపోవచ్చు అనే బాధ్యతల కింద, వాళ్ల సోదర సంస్థ అప్పుకు కోటిన్నర హామీ ఇచ్చినట్టు ఒక వరుస ఉంది. పట్టీలో అది అప్పుగా కనపడదు, ఎందుకంటే ఇంకా కట్టాల్సి రాలేదు. ఏడాదిన్నరకు ఆ సోదర సంస్థ చేతులెత్తేసింది, బ్యాంకు హామీ మీద పడింది. ఆ 2 లక్షలు పోయాయి. బావమరిది నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇక మన బోనస్ దగ్గరికి వద్దాం. మార్చి 31న బ్యాంకులో ఉన్నది 3 లక్షల 10 వేలు. క్యాష్ క్రెడిట్ అప్పు 22 లక్షలు. 5 లక్షలు పంచాలంటే ఆ అప్పులోంచే తీసి పంచాలి. సభ్యులం 640 మందిమి, తలకు సగటున 780 రూపాయల చిల్లర వస్తుంది. దాని మీద వడ్డీ మళ్లీ మనమే కడతాం.

డైరెక్టర్లకు నా విన్నపం. సభ జరగకముందే ఈ లెక్కలను బోర్డులో మళ్లీ పెట్టండి. సబ్సిడీ, పురుగుమందుల స్టాకు ప్రమాణాల ప్రకారం సరిచేసి, ఢిల్లీ బాకీ మీద ఒక విధానం రాసి, ఆడిటర్ చేత మళ్లీ చూపించి పంపండి. ఇప్పుడైతే అది ఒక బోర్డు సమావేశంతో అయిపోయే పని. సభ ఆమోదించి రిజిస్ట్రార్‌కు దాఖలు చేశాక సవరించాలంటే ట్రిబ్యునల్ అనుమతి దాకా పోవాల్సి వస్తుంది. నోటీసుకు, సభకు మధ్య 14 రోజులు తక్కువ కాకూడదన్న నియమం ఉంది కాబట్టి అవసరమైతే సభను వాయిదా వేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఈసారి 11 పేజీలూ పంపండి. విధానాల పేజీ, బాకీల వయసు పట్టిక, ఇతర ఆదాయం, ఈ మూడు తెలుగులో పెట్టండి. అనువాదం నేను చేసిస్తాను, డబ్బులు వద్దు.

సభ్యులకు ఒక్క మాట. మన కంపెనీలో ఎవరికి ఎన్ని వాటాలున్నా ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు. బోనస్ తీర్మానం వచ్చినప్పుడు చెయ్యెత్తే ముందు లేచి మూడు ప్రశ్నలు అడగండి. స్టాకు విధానం పోయిన ఏటికీ ఈ ఏటికీ ఎందుకు మారింది, దానివల్ల లాభం ఎంత మారింది? యంత్రం సబ్సిడీ ఒక్క ఏడాదిలోనే ఎందుకు రాశారు? ఢిల్లీ ఆయన నుంచి ఈ మార్చి తర్వాత ఎంత వచ్చింది? మూడో దానికి పాస్‌బుక్ చూపించమనండి.

నోట్స్ జిరాక్సులు 40 తీయించి మన ఎరువుల దుకాణంలో కౌంటరు మీద పెట్టాను. రెండేళ్లవీ కలిపి పిన్ను కొట్టి ఉన్నాయి, మారిన వాక్యాల కింద పెన్సిల్ గీతలు ఉన్నాయి. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి అక్కడే కూర్చుంటాను. అద్దాలు తెచ్చుకోండి, అక్షరాలు చిన్నవి.

ఇట్లు,
మీలో ఒక వాటాదారు,
తిప్పర్తి మండలం, నల్లగొండ జిల్లా